ఫ్లాట్ల అప్పగింత ఆలస్యమైంది: కొత్త తేదీలతో కొనుగోలుదారులకు ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో స్టిల్ట్ ప్లస్ ఐదు అంతస్తులు, 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు ప్రాజెక్టు మేనేజరుగా ఉన్నాను. 31 మార్చి 2026న తాళాలు ఇస్తామని ఒప్పందాల్లో రాశాం. మే 10న పోసిన మూడో అంతస్తు పైకప్పు స్లాబ్‌కు అదే కాంక్రీటుతో పోసిన ఘనాలను నొక్కి చూసే 28 రోజుల క్యూబ్ టెస్టులో బలం తక్కువ వచ్చింది. ఐదు వారాలు పని ఆపి కోర్ టెస్టు చేయించాం, అది పాసయింది. ఈలోగా సెంట్రింగ్ మేస్త్రీ తన మనుషులతో వేరే సైటుకు వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆగస్టు సగం గడిచింది. సెప్టెంబరు 1 నుంచి కొత్త జట్టు వస్తోంది. ఇంకా రెండు స్లాబులు పోయాలి. ‘అనివార్య కారణాల వల్ల ఆలస్యం, 30 జూన్ 2026కు ఇస్తాం’ అని రెండు ముక్కలు రాసి పంపేయమంటున్నారు మా ఎండీ గారు. కొనుగోలుదారులు, స్థల యజమాని, బ్యాంకు అందరికీ చెప్పాలి. ఎలా రాయాలి?

సమాధానం:

ఆ రెండు ముక్కల ఉత్తరం పంపకండి. అందులోని కారణం కంటే తేదీ ఎక్కువ ప్రమాదకరం. మీరు చెప్పిన వివరాలతో లెక్క వేస్తే జూన్ 30 కుదరదు. నా అంచనాలో మీరు రాయగలిగిన తేదీ 31 అక్టోబరు 2026. ఉత్తరంలో మొదటి వాక్యం ఆ తేదీయే కావాలి. తర్వాత డబ్బు సంగతి, ఆ తర్వాత కారణం, చివర్లో వాళ్లు స్వయంగా సైటుకు వచ్చి చూసుకోగల నాలుగు మజిలీలు. ఒక పేజీ దాటకూడదు.

తేదీ ముందు ఎందుకంటే, ఉత్తరం అందుకున్న మనిషి మీ కష్టాల కోసం దాన్ని తెరవడు. అతనికి ఒక పక్క అద్దె, మరో పక్క గృహరుణం వడ్డీ నడుస్తున్నాయి. మార్చికి ఇల్లు ఖాళీ చేస్తానని ఇంటి ఓనరుకు చెప్పాలా వద్దా, పిల్లవాడిని జూన్‌లో ఏ బడిలో చేర్పించాలి, అమెరికాలో ఉన్న కొడుకు గృహప్రవేశానికి ఎప్పుడు టికెట్లు తీసుకోవాలి అన్నవి అతని ప్రశ్నలు. వీటికి జవాబు దొరికాకే కారణం చదువుతాడు. మూడు పేరాల క్షమాపణల కింద తేదీని దాచితే, మీరు ఇంకా ఏదో దాస్తున్నారనే అనుకుంటాడు.

ముందు తేదీ లెక్క తేల్చండి, ఉత్తరం తర్వాత

అందరూ చేసే లెక్క ఇలా ఉంటుంది: ఐదు వారాలు పని ఆగింది, మేస్త్రీ కోసం ఇంకో ఏడు వారాలు పోయాయి, కలిపి మూడు నెలల లోపే, కాబట్టి మార్చికి మూడు నెలలు కలిపితే జూన్. మీ ఎండీ గారు కూడా ఇలాగే లెక్క కట్టి ఉంటారు. పోయిన రోజులను పాత తేదీకి కలిపి కొత్త తేదీ తేల్చడం మన రంగంలో బాగా పాతుకుపోయిన అలవాటు. మిగిలిన పనిని ముందుకు లెక్కించుకుంటూ వెళ్తే వేరే జవాబు వస్తుంది.

పాత ప్లాను చూడండి. స్టిల్ట్ పైకప్పుతో కలిపి లెక్కిస్తే మే 10న పడింది నాలుగో స్లాబ్. మామూలు సెంట్రింగ్‌తో స్లాబ్‌కు 25 రోజులు చొప్పున వేసుకున్నా టెర్రస్ స్లాబ్ జూన్ నెలాఖరుకు పడిపోవాలి. ఇప్పుడేమవుతుంది? కొత్త జట్టుకు మీ సైటు కొత్త, డ్రాయింగులు కొత్త. మొదటి స్లాబ్‌కు ఎప్పుడూ ఎక్కువ రోజులు పడుతుంది. సెప్టెంబరు 30కి ఐదో స్లాబ్ పడితే సంతోషించాలి. అక్టోబరు 2 దసరా, 20న దీపావళి, ఆ తర్వాతి వారమే ఛఠ్ పూజ. మీ జట్టులో బీహారు, జార్ఖండ్ మనుషులుంటే దీపావళికి ముందే రైలెక్కి ఛఠ్ అయ్యాకే తిరిగొస్తారు. ఆ రోజులు తీసేస్తే టెర్రస్ స్లాబ్ నవంబరు 10కి ముందు పడదు. అంటే ఒక్క ఈ మెట్టు దగ్గరే ప్లాను నాలుగు నెలల పది రోజులు వెనక్కి జరిగింది. మిగిలిన పనులన్నీ దీని వెనకాలే నడవాలి. స్లాబ్ కింద జాకీలు తీయనిదే ఆ అంతస్తులో గోడలు లేవవు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబ్‌కు 14 రోజులు, ఆరు మీటర్లు దాటిన దూలాలకు 21 రోజులు జాకీలు ఉంచాలి. తొందరపడి వీటిలో కోత పెట్టి రోజులు మిగుల్చుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒకసారి స్లాబ్ విషయంలో భయపడిన కొనుగోలుదారులు మీకున్నారు.

మార్చి 31కి నాలుగు నెలల పది రోజులు కలిపితే 10 ఆగస్టు 2026 వస్తుంది. ఇక్కడ ఒక ప్రలోభం పొంచి ఉంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి శ్రావణ మాసం ఆగస్టు 13న మొదలవుతుంది. సేల్స్ వాళ్లు క్యాలెండర్ తిరగేసి ‘శ్రావణానికి తాళాలు’ అని రాయమంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఒప్పుకోకండి. పాత ప్లానులో బయటి గోడల ప్లాస్టరింగ్, బయటి రంగులు శీతాకాలం, ఎండాకాలాల్లో పడ్డాయి. నాలుగు నెలలు వెనక్కి జరిగితే ప్లాస్టరింగ్ ఎలాగోలా మే నెలాఖరుకు ముగుస్తుంది, బయటి రంగులు మాత్రం నేరుగా వానల్లోకి వెళ్తాయి. తడి గోడ మీద రంగు వేస్తే పొక్కులు లేచి ఊడిపోతుంది. గోడ ఆరడం కోసం ఆగక తప్పదు. దానికి మూడు వారాలు ఇవ్వండి. అలా పని పూర్తయ్యేది ఆగస్టు నెలాఖరు.

తర్వాత ఓసీ, అంటే భవనంలో నివాసం ఉండవచ్చని అధికారులు ఇచ్చే ధ్రువపత్రం. దరఖాస్తు, తనిఖీ, చిన్న చిన్న లోపాలు సరిచేయమనడం, మళ్లీ తనిఖీ. మీ పాత ప్లానులో దీనికి ఎన్ని రోజులు ఉంచారో ఒకసారి చూడండి. సాధారణంగా 15 రోజులు వేసి ఉంచుతారు, నేను మాత్రం నెల కంటే తక్కువ ఎప్పుడూ వేయను. దాంతో సెప్టెంబరు ఆఖరు. దాని మీద ఒక నెల చేతిలో ఉంచుకోండి, ఎందుకంటే ఇంకా ఏడాదికి పైగా పని ఉంది, మీకు తెలియని అడ్డంకి ఒక్కటైనా రాకపోదు. అలా 31 అక్టోబరు.

ఏడు నెలల ఆలస్యం అని రాయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. కానీ జూన్ అని చెప్పి మేలో ఆగస్టు అని, ఆగస్టులో అక్టోబరు అని చెప్పేవాడికి దక్కేది అదే అక్టోబరు, పైగా మూడు తగాదాలు. ఒక ప్రాజెక్టులో నేను చేరేసరికి అప్పటికే రెండు వాయిదా ఉత్తరాలు వెళ్లి ఉన్నాయి. రెండో తేదీని నమ్మి కొందరు పిల్లల్ని ఆ పక్క బడుల్లో చేర్పించేశారు. రోజూ గంటకు పైగా బస్సులో పిల్లలు తిరుగుతుంటే తల్లిదండ్రులు మన మాట ఎందుకు వింటారు? మూడో ఉత్తరంలో మేం బాగా దూరంగా ఉన్న తేదీ ఇచ్చాం. పెద్ద గొడవవుతుందని అందరూ భయపడ్డారు. కోపంగా ఫోన్లు వచ్చిన మాట నిజమే. అయితే అందులో రాసిన మొదటి మజిలీ చెప్పిన వారంలోనే పూర్తయ్యాక ఫోన్లు తగ్గాయి.

ఒకే తేదీ ఇవ్వండి, రెండు తేదీల మధ్య వ్యవధి వద్దు

‘ఆగస్టు, అక్టోబరుల మధ్య’ అని రాస్తే చదివేవాడు ఆగస్టు అనే చదువుతాడు. ‘అంతా సజావుగా సాగితే సెప్టెంబరు’ అన్నా సెప్టెంబరే గుర్తుంటుంది, ముందున్న షరతు ఎవరికీ గుర్తుండదు. తాళాల తేదీ ఒక్కటే ఉండాలి. అందులో వానలకు, అనుమతులకు సమయం కలిపామని మాత్రం దాచకుండా చెప్పండి. ముందే పూర్తయితే ముందే ఇస్తారు, దానికి ఎవరూ కేసు వేయరు.

‘పని పూర్తి’, ‘ఓసీ’, ‘తాళాలు’ అనే మూడు వేర్వేరు రోజులను కలగాపులగం చేయకండి. మా వాళ్లు ‘పూర్తవుతుంది’ అన్న మాటను చాలా ధారాళంగా వాడతారు. కొనుగోలుదారుడి దృష్టిలో పూర్తి కావడం అంటే లిఫ్టు ఎక్కి తన తలుపు తాను తీసుకోవడం. రంగులు అయిపోయి ఓసీ రాకపోతే అతనికి ఏమీ పూర్తి కాలేదు.

కారణం ఎంత చెప్పాలి?

క్యూబ్ టెస్టు సంగతి రాయాలా అన్నదే మీ ఎండీ గారి అసలు భయం అనుకుంటాను. రాయాలి. ఐదు వారాలు సైటులో మిక్సర్ చప్పుడు లేదు. నలభై కుటుంబాల్లో కనీసం పది మంది ఆదివారాలు వచ్చి చూసి ఉంటారు. కోర్ మిషనుతో స్లాబ్‌కు గుండ్రటి రంధ్రాలు చేయడం వాచ్‌మన్ చూశాడు. అంటే వాట్సాప్ గ్రూపులో అది ఈపాటికే ‘స్లాబ్ కూలబోతోందట’ అయి ఉంటుంది. మీరు ‘అనివార్య కారణాలు’ అని రాస్తే ఆ పుకారును మీరే ఖాయం చేసినట్టు.

అంకెలతో చెప్పండి, అయితే అంకెలకు అర్థం చెబుతూ చెప్పండి. మీ స్లాబ్ ఎం25 గ్రేడు అనుకుందాం. క్యూబులు 25 మెగాపాస్కల్ దగ్గర ఉండాల్సింది, అంతకంటే తక్కువ వచ్చాయి. అలా వచ్చినప్పుడు స్లాబ్ నుంచే ముక్కలు కోసి పరీక్షించే పద్ధతి ఐఎస్ 456లో ఉంది. కనీసం మూడు కోర్లు తీయాలి. వాటి సగటు ఆ గ్రేడు బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఎం25కు సగటు 21.25, ఒక్కోటి 18.75. ఉదాహరణకు మీ మూడు కోర్లు 22.4, 21.8, 20.1 వచ్చాయనుకోండి. సగటు 21.4, కనిష్ఠం 20.1. రెండు నిబంధనలూ నెగ్గాయి. ఉత్తరంలో ఇంత లెక్క అక్కర్లేదు. ‘ఇంత ఉండాలి, ఇంత వచ్చింది, రిపోర్టు సైటు ఆఫీసులో ఉంది’ అంటే సరిపోతుంది. గ్రూపులో తప్పకుండా ఒక సివిల్ ఇంజినీరు ఉంటాడు. అతను వచ్చి రిపోర్టు చూసి మిగతా వాళ్లకు చెబితే మీరు పది ఉత్తరాలు రాసినా రాని నమ్మకం వస్తుంది.

ఒక జాగ్రత్త. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో లిఖితపూర్వక పత్రం చేతికి రానిదే ‘స్లాబ్ సురక్షితం’ అన్న మాట రాయకండి. ల్యాబ్ రిపోర్టు వేరు, ఆ అంకెలు చూసి పైన రెండు అంతస్తుల బరువు వేయవచ్చని ఇంజినీరు ఒప్పుకోవడం వేరు. ఫోనులో ‘పర్లేదు, కానివ్వండి’ అన్నది పత్రం కిందికి రాదు. అలాగే కాంక్రీటు సరఫరా చేసిన కంపెనీ పేరు ఎత్తకండి. వాళ్లతో మీ వివాదం మీది. కొనుగోలుదారుడితో ఒప్పందం చేసుకున్నది మీరు, వాళ్లు కాదు.

ఆలస్యంలో పెద్ద భాగం టెస్టు వల్ల కాలేదని కూడా రాయండి. ఐదు వారాల ఆపివేత వల్ల సెంట్రింగ్ జట్టు వెళ్లిపోయింది, కొత్త జట్టు దొరకడానికి మరికొన్ని వారాలు పట్టింది. ఇది చెప్పడం కొందరికి నామోషీగా ఉంటుంది. కానీ ఐదు వారాలు ఆగితే ఏడు నెలలు ఎందుకని లెక్క అడిగేవాడికి ఇదే జవాబు. వానల మీదికి నెట్టేయవద్దు. జూలైలో వాన పడుతుందని తాళాల తేదీ రాసిన రోజున కూడా అందరికీ తెలుసు.

రెరా సంగతి

వానల మాట వద్దనడానికి ఇంకో కారణం చట్టంలోనే ఉంది. స్థిరాస్తి నియంత్రణ చట్టమైన రెరా 6వ సెక్షన్‌లో గడువు పెంపుకు ప్రకృతి కారణాలుగా వరద, కరవు, తుపాను, భూకంపం వంటి విపత్తులను చెప్పారు. మామూలు వర్షాకాలం అందులోకి రావడం కష్టం. అవి కాకుండా, ప్రమోటరు తప్పు లేదని తేలితే సహేతుక కారణాల మీద అథారిటీ మొత్తం కలిపి ఏడాదికి మించకుండా పొడిగింపు ఇవ్వవచ్చు.

కాబట్టి ఉత్తరానికి ముందు మూడు తేదీలు పక్కపక్కన రాసుకోండి: ఒప్పందంలో ఉన్నది, రెరా రిజిస్ట్రేషన్‌లో ఉన్నది, ఇప్పుడు మీరు ఇవ్వబోయేది. రెరా తేదీ డిసెంబరు 2026 వరకు ఉంటే మీకు పొడిగింపు అవసరం లేదు, మూడు నెలలకోసారి వెబ్‌సైటులో పెట్టే వివరాల్లో నిజం రాస్తే చాలు. రెరా తేదీ అంతకు ముందే అయిపోతుంటే దరఖాస్తు వేస్తున్నామన్న మాట ఉత్తరంలో ఉండాలి.

అయితే రెరా పొడిగించింది కాబట్టి కొనుగోలుదారుడికి ఏమీ ఇవ్వక్కర్లేదని అనుకోవద్దు. 18వ సెక్షన్ ఒప్పందంలో రాసిన తేదీని చూస్తుంది. ఆ తేదీకి ఇల్లు ఇవ్వకపోతే తప్పుకుంటానన్నవాడికి డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి, ఉంటానన్నవాడికి ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ ఇవ్వాలి. తెలంగాణ నియమాల్లో ఆ వడ్డీ, స్టేట్ బ్యాంకు రుణాల వడ్డీకి ఆధారంగా తీసుకునే రేటైన ఎంసీఎల్‌ఆర్‌లో అత్యధికానికి 2 శాతం కలిపి. మీ ఒప్పందంలో అదనపు గడువు ఉంటే లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుందో మీ లాయరుతో తేల్చుకోండి. పరిహారం గురించిన పేరా ఆయన చూడకుండా వెళ్లకూడదు. ‘ఈ ఆలస్యానికి ఎటువంటి పరిహారం వర్తించదు’ అని మాత్రం ఎవరు చెప్పినా రాయకండి. ఆ వాక్యం మిమ్మల్ని కాపాడదు, నలభై మందినీ ఒక్క ఫిర్యాదు మీదికి చేరుస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను

> తేదీ: 20 ఆగస్టు 2025
>
> విషయం: ఫ్లాట్ల అప్పగింత తేదీ మార్పు – కొత్త తేదీ 31 అక్టోబరు 2026
>
> గౌరవనీయులైన కొనుగోలుదారులకు,
>
> మీ ఫ్లాటు తాళాలను ఒప్పందంలో చెప్పిన 31 మార్చి 2026న ఇవ్వలేకపోతున్నాం. ఓసీతో సహా తాళాలు ఇచ్చే కొత్త తేదీ 31 అక్టోబరు 2026. ఏడు నెలల ఈ ఆలస్యం వల్ల మీకు కలిగే ఇబ్బందికి చింతిస్తున్నాం.
>
> చెల్లింపులు: టెర్రస్ స్లాబ్ పూర్తయ్యే వరకు తదుపరి వాయిదా అడగము. ఆ తర్వాతి వాయిదాలు కూడా పాత తేదీల ప్రకారం కాకుండా, ఆయా పనులు నిజంగా పూర్తయినప్పుడే అడుగుతాం. ఆలస్యానికి ఒప్పందం, రెరా చట్టం ప్రకారం మీకు రావలసిన మొత్తం లెక్కను సెప్టెంబరు 15 లోగా ఎవరికి వారికి విడిగా పంపుతాం.
>
> కారణం: మే 10న పోసిన మూడో అంతస్తు పైకప్పు స్లాబ్‌కు 28 రోజుల క్యూబ్ పరీక్షలో బలం నిర్దేశించినదాని కంటే తక్కువగా వచ్చింది. వెంటనే పని ఆపి, స్లాబ్ నుంచి కోర్లు తీసి పరీక్ష చేయించాం. ఐఎస్ 456 ప్రకారం సగటు కనీసం 21.25 మెగాపాస్కల్ ఉండాలి, 21.4 వచ్చింది. పై అంతస్తుల పని కొనసాగించవచ్చని స్ట్రక్చరల్ ఇంజినీరు లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు. రెండు పత్రాలూ సైటు ఆఫీసులో ఉన్నాయి, ఏ రోజైనా వచ్చి చూడవచ్చు, మీతో ఇంజినీరును తెచ్చుకోవచ్చు. పని ఆగిన కాలంలో సెంట్రింగ్ జట్టు వెళ్లిపోయింది. కొత్త జట్టు సెప్టెంబరు 1న పని మొదలుపెడుతుంది.
>
> మీరు చూసుకోగల తేదీలు:
> టెర్రస్ స్లాబ్ – 10 నవంబరు 2025
> అన్ని అంతస్తుల గోడలు, లోపలి ప్లాస్టరింగ్ – 31 మార్చి 2026
> రంగులు, లిఫ్టుతో సహా పని పూర్తి – 31 ఆగస్టు 2026
> ఓసీతో తాళాలు – 31 అక్టోబరు 2026
>
> చివరి తేదీలో వచ్చే వర్షాకాలానికి, అనుమతులకు సమయం కలిపాం. 2026 శ్రావణ మాసంలో గృహప్రవేశం అనుకుంటున్నవారు దయచేసి అప్పటికి ముహూర్తం పెట్టుకోవద్దు. అద్దె ఇల్లు ఖాళీ చేసే నోటీసు కూడా మేం ఓసీ వచ్చినట్టు తెలియజేశాకే ఇవ్వండి.
>
> ప్రతి నెల మొదటి తేదీన సైటు ఫొటోలతో పని ఎక్కడి వరకు వచ్చిందో పంపుతాం. పై తేదీల్లో ఏదైనా రెండు వారాలకు మించి తప్పేటట్టు ఉంటే నెల మొదటి తేదీ కోసం ఆగకుండా తెలియజేస్తాం. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం ఉదయం 10 నుంచి 1 గంట వరకు నేను, సైటు ఇంజినీరు సైటులోనే ఉంటాం.
>
> ఇట్లు,
> (పేరు, ఫోను నంబరు)
> ప్రాజెక్టు మేనేజరు

ఇందులో రెండు మూడు చోట్ల మీ వాళ్లు అభ్యంతరం చెబుతారు. శ్రావణం, అద్దె నోటీసుల వాక్యం తీసేయమంటారు, ఎందుకు లేనిపోనివి గుర్తుచేయడం అని. నా దృష్టిలో ఉత్తరం మొత్తంలో చదివేవాడికి ఎక్కువ ఉపయోగపడే వాక్యాలు అవే. తేదీ మార్పు వల్ల అతను ఏం చేయాలో, ఏం చేయకూడదో అవి చెబుతున్నాయి. మన ఊళ్లలో ముహూర్తం ఒకసారి పెట్టుకుని, శుభలేఖలు పంచాక ఇల్లు సిద్ధం కాకపోతే ఆ అవమానం వడ్డీ లెక్కతో తీరేది కాదు.

31 మార్చి 2026ను మజిలీగా కావాలనే ఉంచాను. అది మీరు మొదట మాట ఇచ్చిన రోజు. ఉత్తరం అందుకున్నా ఆ రోజు కొందరు సైటుకు వస్తారు, చూడటానికి. ఆ రోజున భవనం ఏ స్థితిలో ఉంటుందో ముందే రాసి ఉంటే, ఉన్నది రాసినట్టే కనిపిస్తే, మీ మిగతా తేదీల మీద వాళ్లకు కాస్త గురి కుదురుతుంది.

మజిలీలు నాలుగే చాలు. మీ దగ్గర రెండు వందల వరుసల షెడ్యూలు ఉంటుంది, దాన్ని జత చేయాలన్న ఉత్సాహం వస్తుంది. ఆపుకోండి. అందులో బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ పది రోజులు జరిగినా ఎవరో ఒకరు పట్టుకుని తాళాల తేదీ కూడా పోయిందంటారు. బయటివాడు రోడ్డు మీద నిలబడి అయిందో లేదో చెప్పగలిగే పనులనే మజిలీలుగా పెట్టండి. టెర్రస్ స్లాబ్ అందుకే మంచిది.

మీకు కూడా అదే కొలమానం. నవంబరు 10కి టెర్రస్ స్లాబ్ పడకపోతే తర్వాత పట్టుకుందాంలే అనుకోకండి. సెప్టెంబరు 30కి ఐదో స్లాబ్ పడిందా లేదా అన్నది చూస్తే ఇంకా ముందే తెలిసిపోతుంది. చేతిలో ఉన్న నెలలో ఎన్ని రోజులు ఖర్చయ్యాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డిసెంబరుకే సగం కరిగిపోతే ఆ నెలలోనే మాట్లాడాలి.

స్థల యజమాని, బ్యాంకు

ఇదే ఉత్తరాన్ని వాళ్లకు పంపకండి. స్థల యజమానికి మీతో ఉన్నది డెవలప్‌మెంట్ అగ్రిమెంటు. అందులో గడువు, అదనపు గడువు, అది దాటితే నెలకు ఇవ్వాల్సిన అద్దె వేరుగా ఉంటాయి. ఆయనను ముందు కలిసి మాట్లాడండి, తర్వాత కాగితం ఇవ్వండి. వయసులో పెద్దాయన అయితే, వాయిదా సంగతి ముందుగా కొనుగోలుదారుల నోట వినడం ఆయనకు పెద్ద మాట. నాలుగు తేదీలు అవే ఉండాలి, డబ్బు పేరా మాత్రం ఆయన అగ్రిమెంటు ప్రకారం మారాలి.

ప్రాజెక్టుకు అప్పిచ్చిన బ్యాంకుకు కథ అక్కర్లేదు. ఏ నెలలో ఏ వాయిదాలు వసూలవుతాయి, అప్పు తీర్చే నెలలు ఎలా జరుగుతాయి, పెరిగే ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది అన్న పట్టిక కావాలి. నవంబరు 10 దాకా కొనుగోలుదారుల దగ్గర వాయిదా అడగం అని రాస్తున్నారు కదా, మూడు నెలలు మేస్త్రీలకు, ఇనుముకు డబ్బు ఎక్కడిదని బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న. రెరా ఖాతాలో ఉంచిన 70 శాతం సొమ్ము కూడా పని జరిగిన మేరకు ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువపత్రాలు ఇస్తేనే తీయగలరు, కాబట్టి పని ఆగితే అదీ ఆగుతుంది. దీనికి జవాబు లేకపోతే తేదీలన్నీ గాలిలో ఉన్నట్టే, ఉత్తరం పంపడమే వాయిదా వేసి ముందు ఆ డబ్బు లెక్క తేల్చండి.

పంపే వరుస: ఉదయం స్థల యజమానితో భేటీ, మధ్యాహ్నం బ్యాంకుకు, సాయంత్రం లోగా కొనుగోలుదారులందరికీ ఒకేసారి ఈమెయిలు, విదేశాల్లో ఉన్నవాళ్లతో సహా. ఒప్పందంలో నోటీసు ఎలా పంపాలని ఉందో ఆ పద్ధతిలో పోస్టులో కూడా వెళ్లాలి. అదే రోజు సేల్స్ ఆఫీసు గోడ మీది ‘మార్చి 2026 అప్పగింత’ బ్యానరు దించేయించండి, వెబ్‌సైటులో తేదీ మార్పించండి. కొత్తగా కొనడానికి వచ్చినవాడికి సేల్స్ కుర్రాడు ఇంకా మార్చి అనే చెబుతుంటే, ఆ ఆడియో సాయంత్రానికి గ్రూపులో ఉంటుంది.

వాట్సాప్ గ్రూపులో మాత్రం వాదనకు దిగకండి. ఉత్తరం అక్కడ పెట్టి, ప్రశ్నలు ఈమెయిలుకు పంపమని, లేదా ఆదివారం రమ్మని ఒక్క వాక్యం రాయండి. ఆదివారం వచ్చినవాళ్లు అడిగినవన్నీ రాసుకుని, జవాబులతో కలిపి మర్నాడు అందరికీ పంపండి, రానివాళ్లకు కూడా. మొదటి ఆదివారం మీ ఎండీ గారు కూడా వస్తే మంచిది. వడ్డీ గురించి అడిగినప్పుడు మీరు ఒక మాట, తర్వాత ఆయన ఇంకో మాట చెప్పే అవకాశం ఉండదు.